ఆవగింజ మొలకతో మూలకేశ కణాన్ని చూడటం, దాని కణాంగాలకీ పనికీ ముడి వేసి రాయడం ఎలా?

కందుకూరు చుట్టుపక్కల బళ్లలో జీవశాస్త్రం చెబుతూ వచ్చిన నన్ను ఏటా పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ రెండే ప్రశ్నలు అడుగుతారు. మొదటిది: "సార్, మొక్కను పీకి చూశాం, మూలకేశాలు ఒక్కటి కూడా కనపడలేదు, ఎందుకు?" రెండోది పరీక్ష పేపరు ఇంటికొచ్చాక: "మైటోకాండ్రియా శక్తినిస్తుందని రాసింది కదా మా అమ్మాయి, మార్కు ఎందుకు తీసేశారు?" ఈ రెండింటికీ జవాబు ఒకే పనిలో దొరుకుతుంది. మూలకేశాన్ని ఇంట్లో పెంచి, సూక్ష్మదర్శినిలో చూసి, చూసినదాన్ని బట్టి రాయాలి. ఎర్ర రక్తకణం, శుక్రకణం గురించి రాసేటప్పుడూ అదే పద్ధతి పనికొస్తుంది. ఆ రెండింటినీ చివర్లో ఎత్తుకుంటాను.

మొదటి ప్రశ్న సంగతి ముందు చెబుతాను. మట్టిలోంచి పీకిన మొక్కకు మూలకేశాలు మిగలవు. అవి మట్టి రేణువులను పట్టుకుని ఉంటాయి, లాగగానే తెగి మట్టిలోనే ఉండిపోతాయి. మిరప నారు పీకి నాటిన రోజు మధ్యాహ్నానికి తలలు వాల్చేయడానికి ఇది ఒక పెద్ద కారణం. వేరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, నీళ్లు తాగే నూగు మాత్రం పోయి ఉంటుంది. అందుకే మనం మట్టి లేకుండా పెంచుతాం.

కావలసినవి

వంటింటి ఆవాలు ఒక చెంచా. విత్తనాల కొట్లో రంగు పూసి అమ్మేవి వద్దు. వాటికి శిలీంద్రనాశక మందు కలిపి ఉంటారు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆవాలు లేకపోతే రాగులు, సజ్జలు కూడా బాగా వస్తాయి. శనగలూ పెసలూ మాత్రం ఈ పనికి నేను వాడను, వేరు లావుగా ఉండి కవరుస్లిప్ కింద కూర్చోదు.

మూత ఉన్న స్టీలు డబ్బా, పాత నూలు పంచె ముక్క. తాగే నీళ్లు. మన తీరం వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో పెడితే మొలక ఆలస్యమవుతుంది, నూగు కూడా పొట్టిగా, పలచగా వస్తుంది. క్యాను నీళ్లు గానీ వాన నీళ్లు గానీ వాడండి.

బడి సూక్ష్మదర్శిని, గాజు పలక, కవరుస్లిప్, డ్రాపర్, సన్న పట్టకారు, కాగితపు రుమాలు, పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలు. అద్దకానికి మిథిలీన్ బ్లూ. బడిలో లేకపోతే అలంకార చేపలు అమ్మే కొట్లో చేపల మందుగా దొరుకుతుంది. చివరగా, ఒక చెంచా ఉప్పు. ఇస్కపల్లి కళ్లుప్పు అయినా సరే, ప్యాకెట్టు ఉప్పు అయినా సరే.

1. నానబెట్టి, నీళ్లు ఒంపి, మూత పెట్టండి

ఆవాలను నాలుగైదు గంటలు నానబెట్టండి. తరవాత నీళ్లు పూర్తిగా ఒంపేయండి. గుడ్డను తడిపి, చుక్క కారనంత గట్టిగా పిండి, డబ్బా అడుగున పరవండి. గింజలను ఒకదానికొకటి తగలకుండా, రెండు వేళ్ల ఎడంతో ఇరవై దాకా పేర్చి మూత పెట్టండి. మీ ఇంట్లో వడ్లు నానబెట్టి మండె కట్టడం చూసి ఉంటే ఇందులో కొత్తేమీ లేదు. నానాలి, నీళ్లు ఓడిపోవాలి, తేమ మాత్రం నిలవాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్రేమకొద్దీ నీళ్లు ఎక్కువ పోస్తారు. నీళ్లలో మునిగిన వేరు నున్నగా పెరుగుతుంది, నూగు దాదాపు రాదు. తేమ గాలిలో పెరిగిన వేరుకే నూగు దట్టంగా వస్తుంది. డబ్బా వంచినప్పుడు అడుగున నీళ్లు కదిలితే మళ్లీ పిండి పరవండి.

మామూలు రోజుల్లో డబ్బా ఇంట్లో ఎక్కడ పెట్టినా పరవాలేదు. రోహిణి కార్తెలో మాత్రం నెల్లూరు, ఒంగోలు ఎండకు రేకుల ఇంట్లో డబ్బా ఉడికిపోతుంది, గింజ మొలవకుండానే కుళ్లుతుంది. అప్పుడు మంచినీళ్ల కుండ పక్కన నేలమీద పెట్టండి. రోజుకు రెండుసార్లు మూత తీసి గాలి తగలనివ్వండి. గుడ్డ ఆరితే వేళ్లతో చిలకరించండి, వేరు మీద మాత్రం పోయొద్దు.

2. వచ్చింది నూగా, బూజా?

ఒక రోజుకు తెల్లటి వేరు కొన బయటికి వస్తుంది. రెండో రోజుకు, ఎక్కువంటే మూడో రోజుకు, వేరు సెంటీమీటరు దాకా సాగి, దాని చుట్టూ తెల్లటి వెల్వెట్ లాంటి పట్టీ కనిపిస్తుంది. చాలా ఇళ్లలో సరిగ్గా ఈ సమయానికి "బూజు పట్టింది" అని డబ్బా కడిగేస్తారు. పారేసేముందు మూడు సంగతులు చూడండి.

వేరు కొసన ఒకటి రెండు మిల్లీమీటర్లు నున్నగా ఉండి, ఆ పైన నూగు మొదలైతే అది మూలకేశాలే. కొన దగ్గర కణాలు ఇంకా విభజన చెందుతూ, సాగుతూ ఉంటాయి. సాగుతున్న చోట నూగు ఉంటే మట్టిలో ఒరుసుకుని తెగిపోతుంది. అందుకే సాగడం ఆగిన కణాలకే నూగు పుడుతుంది. బూజుకు ఈ వరస తెలియదు. కొస మీద, గింజ తొక్క మీద, గుడ్డ మీద ఎక్కడైనా పడుతుంది, ఒక గింజ నుంచి పక్క గింజకు సాలెగూడులా పాకుతుంది.

రెండోది, ఒక నీటి చుక్క వేయండి. మూలకేశాలు వేరుకు అంటుకుపోయి మాయమైనట్టు కనిపిస్తాయి. బూజు ఆ చుక్కలో కూడా దారాలుగానే ఉంటుంది. మూడోది వాసన. ముక్కిపోయిన వాసన వస్తే, పచ్చటి, నల్లటి పొడి కనిపిస్తే ఆ డబ్బా వదిలేయండి.

సూక్ష్మదర్శిని అందుబాటులో లేనివాళ్లు ఈ దశలోనే, నల్ల కాగితం మీద మొలకను పెట్టి చేతి భూతద్దంతో చూడొచ్చు. ఒక్కొక్క వెంట్రుకా విడిగా తెలుస్తుంది. కేంద్రకం మాత్రం కనపడదు.

3. పలక మీద పెట్టడం

పలక మధ్యలో రెండు చుక్కల నీళ్లు వేయండి. మొలకను ఎప్పుడూ గింజాకుల దగ్గర పట్టుకోండి, వేరు దగ్గర కాదు. పట్టకారు వేరును ముట్టుకుందంటే ఆ చోట నూగు నలిగినట్టే. వేరు చివరి సెంటీమీటరు నీటి చుక్కలో పడుకునేలా పెట్టి, మిగతాది బ్లేడుతో కోసేయండి. బ్లేడు పని పెద్దవాళ్లు చేయాలి.

కవరుస్లిప్ ఒక అంచును నీటికి ఆనించి, రెండో అంచును సూదితో మెల్లగా దించండి. పైనుంచి టప్పున వేస్తే గాలి బుడగలు చిక్కుకుంటాయి. నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేవన్నీ బుడగలే. ప్రతి ఏడూ కనీసం ఇద్దరు పిల్లలు వాటిని కణాలుగా గీసి తెస్తారు. కవరుస్లిప్‌ను వేలితో నొక్కొద్దు. ఉల్లిపొరకు అలవాటైన చెయ్యి నొక్కేస్తుంది, మూలకేశం చితికిపోతుంది.

ఈ దశలో అద్దకం వేయకండి. ముందు బతికున్న కణాన్ని చూడాలి.

4. చూడటం: మొదట 100 రెట్లు, తరవాత 400 రెట్లు

తక్కువ పెంపుతో వేరు అంచును వెతకండి. వేరు మధ్యభాగం మందంగా, చీకటిగా ఉంటుంది, అక్కడ ఏమీ తెలియదు. అంచు నుంచి గాజు గొట్టాల్లా బయటికి పొడుచుకు వచ్చినవే మూలకేశాలు. కాంతి ఎక్కువైతే అవి కనిపించకుండా కరిగిపోతాయి. వేదిక కింద ఉన్న కాంతి ద్వారాన్ని సగానికి పైగా మూయండి. "ఏమీ లేదు సార్" అన్నవాళ్లలో చాలామందికి ఈ ఒక్క పనితోనే కనిపించింది.

ఒక వెంట్రుకను ఎంచుకుని దాని మొదలు దగ్గరికి వెళ్లండి. అడుగున పొడవాటి బాహ్యచర్మ కణం, దాని గోడే బయటికి సాగి గొట్టమైంది. మధ్యలో అడ్డుగోడ ఎక్కడా ఉండదు. వెంట్రుకా, అడుగు కణమూ కలిపి ఒకటే కణం. ఇది మీ కంటితో మీరు రూఢి చేసుకోవలసిన మొదటి విషయం. వెంట్రుక మొదట్లో గీత గీసి, దాన్ని విడి కణంగా చూపించిన బొమ్మ తప్పు.

ఇప్పుడు 400 రెట్లకు మారండి. గొట్టం గోడ వెంబడి పలచటి పొరలా కణద్రవ్యం, మధ్యలో ఖాళీగా తోచే పెద్ద రిక్తిక కనిపిస్తాయి. ఆ ఖాళీ నిజంగా ఖాళీ కాదు. లవణాలు, చక్కెరలు కరిగి ఉన్న కణరసం అది. కదలకుండా ఒక నిమిషం చూడండి. గోడ వెంట సన్నటి రేణువులు మెల్లగా జారుతూ ఉంటాయి, ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందికి. కణద్రవ్యం ప్రవహిస్తోంది. పలక ఆరిపోకముందే, కోసిన పది నిమిషాల లోపే ఇది చూడాలి. రేణువులు ఒకే దారిన సాగకుండా, ఉన్నచోటే వణుకుతుంటే అది ప్రవాహం కాదు, కణం దెబ్బతిని ఉండొచ్చు. ఇంకో వెంట్రుకకు మారండి.

ఆ జారే రేణువులను చూసి పిల్లలు మైటోకాండ్రియా అని రాసేస్తారు. అట్లా రాయనివ్వకండి. మైటోకాండ్రియా వెడల్పు అర మైక్రాను నుంచి ఒక మైక్రాను దాకా ఉంటుంది. అద్దకం లేకుండా బడి సూక్ష్మదర్శినిలో ఏ చుక్క మైటోకాండ్రియానో, ఏది కాదో తేల్చి చెప్పలేం. ప్రయోగ పుస్తకంలో "చూసినవి" అన్న చోట కణకవచం, కణద్రవ్యం, రిక్తిక, కేంద్రకం మాత్రమే ఉండాలి. మైటోకాండ్రియా "తెలిసినవి" అన్న చోటికి వెళ్లాలి.

పచ్చటి గింజల్లాంటివి ఏమైనా కనిపించాయా? మూలకేశంలో హరితరేణువులు ఉండవు. పచ్చగా కనిపిస్తే నీళ్లలో నాచు ఉందన్నమాట, లేదా వేరుకు బదులు కాండం ముక్క పెట్టారు.

5. కేంద్రకానికి అద్దకం

మిథిలీన్ బ్లూను నీళ్లలో కలిపి, లేత ఆకాశం రంగు వచ్చేదాకా పలచన చేయండి. కవరుస్లిప్ ఒక అంచున చుక్క వేసి, ఎదుటి అంచున కాగితపు రుమాలు ఆనించండి. రుమాలు నీటిని పీల్చుకుంటుంటే రంగు లోపలికి పాకుతుంది. మూడు నాలుగు నిమిషాలకు కేంద్రకం ముదురు నీలం చుక్కగా తేలుతుంది. అన్నింటిలో ఒకే చోట ఉండదు. పెరుగుతున్న వెంట్రుకలో కేంద్రకం అడుగు కణాన్ని వదిలి గొట్టంలోకి వచ్చి, కొసకు కొంత వెనకగా వెంట నడుస్తుంది. కొత్త గోడా, కొత్త పొరా తయారవుతున్నది కొసనే కదా. ఒక పలక మీదే నాలుగైదు వెంట్రుకలు చూసి, ఏ పొడవు వెంట్రుకలో కేంద్రకం ఎక్కడుందో రాసుకోండి. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన పరిశీలన ఇదే.

అంతా నీలంగా మారితే రంగు చిక్కనైంది. మంచి నీళ్లు అదే పద్ధతిలో లాగించి కడగండి.

6. కొలవడం

స్కేలును వేదిక మీద పెట్టి 100 రెట్లతో చూడండి. మిల్లీమీటరు గీతల మధ్య దూరంతో పోల్చి, కనిపించే వృత్తం ఎంత వెడల్పో అంచనా వేయండి. చాలా బడి సూక్ష్మదర్శినులలో అది 1.8 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. 400 రెట్లకు అందులో నాలుగో వంతు, అంటే 0.45 మి.మీ., అంటే 450 మైక్రాన్లు.

ఒక లెక్క చేసి చూద్దాం. 100 రెట్లలో మీ వెంట్రుక వృత్తంలో మూడో వంతు పొడవుందనుకోండి, అప్పుడు అది 600 మైక్రాన్లు. 400 రెట్లలో దాని వెడల్పు వృత్తంలో ముప్పయ్యో వంతు ఉంటే 15 మైక్రాన్లు. గొట్టం పక్క వైశాల్యం 3.14 × 15 × 600, సుమారు 28,000 చదరపు మైక్రాన్లు. అదే కణం వెంట్రుక లేకుండా ఉంటే మట్టికి తగిలేది దాని బయటి ముఖమే. 100 పొడవు, 20 వెడల్పు అనుకుంటే 2,000 చదరపు మైక్రాన్లు. అంటే వెంట్రుక వల్ల ఒక్క కణానికే మట్టిని తాకే చోటు పద్నాలుగు రెట్లు అదనంగా వచ్చింది. "ఉపరితల వైశాల్యం పెరుగుతుంది" అని గుడ్డిగా రాసే బదులు, మీ కొలతలతో ఈ లెక్క వేసి రాయండి.

వెడల్పు 10కి తక్కువ గానీ 20కి ఎక్కువ గానీ వస్తే మళ్లీ కొలవండి. మరీ సన్నగా ఉండి, కొమ్మలు చీలి, మధ్యలో అడ్డగోడలు కనిపిస్తే మీరు కొలిచింది బూజు దారాన్ని. మూలకేశం మామూలుగా కొమ్మలు వేయదు.

7. ఉప్పు నీటి పరీక్ష

ఇది కొత్త పలక మీద, అద్దకం వేయని మొలకతో చేయండి. సమంగా నింపిన ఒక చెంచా ఉప్పు సుమారు 5 గ్రాములు. దాన్ని 100 మి.లీ. నీళ్లలో కరిగించండి. ఇది సముద్రపు నీటికన్నా కాస్త చిక్కన. ఒక మంచి వెంట్రుకను 400 రెట్లలో చూస్తూ, ఇంకొకరి చేత ఉప్పు నీటిని కవరుస్లిప్ అంచున వేయించి, రుమాలుతో లాగించండి.

నిమిషం నుంచి ఐదు నిమిషాల్లో కణద్రవ్యం గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది, చాలాసార్లు కొస దగ్గర మొదలవుతుంది. గోడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రిక్తికలోని నీళ్లు బయటికి పోయాయి. వెంటనే మంచి నీళ్లు లాగిస్తే కొన్ని మళ్లీ నిండుతాయి, కొన్ని పగులుతాయి. పది నిమిషాలు ఉప్పులో ఉంచితే చాలావరకు తిరిగి రావు.

ఏమీ ముడుచుకోకపోతే రెండు కారణాలు. ఉప్పు నీళ్లు వెంట్రుక దాకా చేరలేదు, అంటే రుమాలు సరిగా ఆనించలేదు. లేదా కణం ముందే చచ్చిపోయింది. చచ్చిన కణం పొర నీళ్లనీ ఉప్పునీ రెంటినీ పోనిస్తుంది, కాబట్టి ముడుచుకోదు. కొత్త పలక మీద కూడా ముందు 4వ మెట్టులో లాగా చూసి, కణద్రవ్యం ప్రవహిస్తున్న వెంట్రుకనే ఎంచుకుంటే ఈ అనుమానం ఉండదు.

చవుడు నేలలో, సముద్రపు పోటు నీళ్లు ఎక్కిన మడిలో తేమ ఉండీ పైరు ఎండినట్టు ఎందుకు కనిపిస్తుందో ఈ పలక మీద కనిపిస్తుంది. నీళ్లున్నాయి, కానీ నేల నీరు కణరసం కన్నా చిక్కన. పొలంలో ఉప్పు ఇంత కాకపోవచ్చు, జరిగేది మాత్రం ఇదే దారిలో.

8. కణాంగానికీ పనికీ ముడి వేసి రాయడం

ఇక మార్కు పోయిన ప్రశ్న. ఏ ప్రత్యేక కణానికైనా మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. ఏది ఎక్కువగా ఉంది? ఏది లేదు? ఉన్నది ఎక్కడ ఉంది? ప్రతి జవాబు వెంట "అందువల్ల" అని పెట్టి, ఆ కణం పని దాకా వాక్యాన్ని నడిపించాలి. మధ్యలో ఆగితే సగం మార్కే.

పిల్లలు రాసేది ఇట్లా ఉంటుంది: "మూలకేశంలో మైటోకాండ్రియా ఎక్కువ, అవి నీటిని పీల్చుకోవడానికి శక్తినిస్తాయి." ఇందులో తప్పు ఒక్క మాటలో ఉంది, నీటిని అన్న మాటలో. నీళ్లు ద్రవాభిసరణ వల్ల లోపలికి వస్తాయి. దానికి కణం నేరుగా శక్తి ఖర్చు పెట్టదు. శక్తి కావలసింది లవణాలకు. నైట్రేటు, పొటాషియం లాంటివి నేల నీటిలో పలచగా, కణం లోపల చిక్కగా ఉంటాయి. పలచన ఉన్న చోటు నుంచి చిక్కన ఉన్న చోటికి లాగాలంటే పొరలోని పంపులు పని చేయాలి, వాటికి ఏటీపీ కావాలి, దాన్ని ఇచ్చేది మైటోకాండ్రియా. ఇదే సక్రియా రవాణా. అట్లా లోపలికి చేరిన లవణాలే కణరసాన్ని చిక్కగా ఉంచి నీటిని రప్పిస్తాయి. అంటే నీటికీ మైటోకాండ్రియాకీ సంబంధం ఉంది, కానీ మధ్యలో లవణాల మీదుగా. ఈ మెట్టు ఎగరేస్తేనే మార్కు పోయేది.

సరిగా రాస్తే ఇట్లా ఉంటుంది: "మూలకేశ కణం గోడ బయటికి గొట్టంలా సాగింది, అందువల్ల మట్టిలోని నీటిని తాకే వైశాల్యం పెరిగింది. పెద్ద రిక్తికలో చిక్కటి కణరసం ఉంది, అందువల్ల నీరు ద్రవాభిసరణతో లోపలికి వస్తుంది. మైటోకాండ్రియా ఏటీపీని ఇస్తాయి, అందువల్ల పలచటి నేల నీటి నుంచి కూడా లవణాలను సక్రియా రవాణాతో లాగగలుగుతుంది. హరితరేణువులు లేవు, మట్టిలో వెలుతురు లేదు, ఆహారం ఆకు నుంచి వస్తుంది."

ఇదే పద్ధతిని ఎర్ర రక్తకణం మీద పెట్టండి. ఇక్కడ బరువైన ప్రశ్న "ఏది లేదు?" అన్నది. ఎముక మజ్జలో తయారవుతూనే మన ఎర్ర రక్తకణం కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది, మైటోకాండ్రియా కూడా పోతాయి. కేంద్రకం లేదు, అందువల్ల హీమోగ్లోబిన్‌కు చోటు దొరికింది. మైటోకాండ్రియా లేవు, అందువల్ల తాను మోసే ఆక్సిజన్‌ను తానే వాడుకోదు, గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విడగొట్టి బతుకుతుంది. ద్విపుటాకారం, అందువల్ల ఆక్సిజన్ లోపలికి పోవలసిన దూరం తగ్గింది, సన్నటి రక్తనాళికలో వంగి దూరగలుగుతుంది. కేంద్రకం లేని దానికి ఒక వెల కూడా ఉంది. కొత్త ప్రోటీను చేసుకోలేదు, పాడైంది బాగు చేసుకోలేదు, అందువల్ల సుమారు 120 రోజులే ఉంటుంది. ఈ చివరి వాక్యం రాసేవాళ్లు చాలా తక్కువ, రాస్తే పేపరు దిద్దేవారికి విషయం అర్థమైందని తెలుస్తుంది.

"ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉండదు" అని మాత్రం ఊరికే రాయకండి. "క్షీరదాల" అన్న మాట చేర్చండి. చేపకు, కప్పకు, కోడికి ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను: వేలు గుచ్చి రక్తం తీసే ప్రయోగం ఇంట్లో వద్దు, బడిలోనూ పిల్లల చేత వద్దు. తయారైన పలకలు దొరుకుతాయి, అవి చాలు. పరిమాణం ఊహకు రావాలంటే మీ మూలకేశాన్నే కొలబద్దగా వాడండి. మన ఎర్ర రక్తకణం అడ్డుకొలత ఏడున్నర మైక్రాన్లనుకుంటే, 15 మైక్రాన్ల వెంట్రుక వెడల్పులో రెండు కణాలు పక్కపక్కన పడతాయి, 600 మైక్రాన్ల పొడవునా ఎనభై వరసగా పేర్చొచ్చు.

శుక్రకణానికి "ఎక్కడ ఉంది?" అన్నది అసలు ప్రశ్న. ఒంగోలు గిత్త శుక్రకణాన్నే తీసుకోండి. తలలో కేంద్రకం, అందులో 30 క్రోమోజోములు, అంటే ఆవు జాతి శరీర కణంలో ఉండే 60లో సగం. అందువల్ల అండంతో కలిసినప్పుడు మళ్లీ 60 అవుతాయి. తల ముందు టోపీలా ఆక్రోసోమ్, గాల్జీ సంక్లిష్టం నుంచి వచ్చింది. అందులో ఎంజైములు ఉన్నాయి, అందువల్ల అండం చుట్టూ ఉన్న పొరను దాటగలుగుతుంది. మైటోకాండ్రియా తలలోనూ లేవు, తోక పొడవునా లేవు. మధ్యభాగంలో, తోక మొదలయ్యే చోట, దాని చుట్టూ సర్పిలంగా చుట్టుకుని ఉంటాయి. తోకను ఆడించడానికి ఏటీపీ కావలసింది అక్కడే. "తోకలో మైటోకాండ్రియా ఉన్నాయి" అని రాస్తే మార్కు పోయేది అందుకే. కణద్రవ్యం చాలావరకు వదిలేసింది, అందువల్ల మోయవలసిన బరువు తక్కువ.

ఊళ్లో పశువుల ఆసుపత్రికి వెళ్లినప్పుడు ద్రవ నత్రజని డబ్బాలోంచి తీసిన సన్నటి గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్లలో ముంచడం చూసే ఉంటారు. మైనస్ 196 డిగ్రీల చలిలో ఆగి ఉన్న కణాలు అవి. కరిగాక సూక్ష్మదర్శినిలో ముందుకు ఈదుతున్నాయా లేదా అని చూస్తారు. ఈదుతున్నాయంటే తోకా, మధ్యభాగమూ పని చేస్తున్నట్టు. ఈదుతున్నంత మాత్రాన ఆక్రోసోమ్ చెడలేదని చెప్పలేం, దానికి వేరే అద్దకం కావాలి. ఒక్కో కణాంగం పనిని ఒక్కో పరీక్షతో విడిగా చూడాల్సి ఉంటుంది. పిల్లలకు ఈ మాట చెబితే "కణాంగానికీ పనికీ సంబంధం" అన్న ప్రశ్న ఎందుకు అడుగుతారో వాళ్లకే తడుతుంది.

రాసిందాన్ని సరిచూసుకోవడం

జవాబులో ప్రతి కణాంగం పేరు కింద గీత గీయండి. గీత తరవాత "అందువల్ల" లేకపోతే ఆ వాక్యం పూర్తి కాలేదు. తరవాత కణం పేరును వేలితో మూసి చదవండి. ఏ కణానికైనా సరిపోయే వాక్యం ఉంటే, ఉదాహరణకు "కేంద్రకం కణాన్ని నియంత్రిస్తుంది" లాంటిది, దాన్ని కొట్టేసి ఆ కణానికే చెందిన మాట రాయండి. బొమ్మలో మూలకేశానికీ అడుగు కణానికీ మధ్య అడ్డగీత లేదు కదా, ఎర్ర రక్తకణంలో చుక్క పెట్టలేదు కదా, శుక్రకణంలో మైటోకాండ్రియా బాణం మధ్యభాగానికే చూపిస్తోంది కదా, చూడండి.

మిగిలిన మొలకలను అట్లాగే మూత పెట్టి ఇంకో రోజు ఉంచండి. మొదటి పలక చెడిపోయినవాళ్లకు మళ్లీ పెట్టుకోవడానికి అవి కావాలి. నాలుగో రోజు దాటితే వేళ్లు గుడ్డ దారాల్లోకి దిగిపోతాయి, లాగితే నూగు మళ్లీ గుడ్డకే ఉండిపోతుంది.